సగటు ఆడ్స్ 5/2, స్ట్రైక్ రేట్ 31 శాతం: ఈ టిప్‌స్టర్ నిజంగా లాభంలో ఉన్నట్టేనా?

న్యూకాజిల్_నేను
అందరికీ నమస్తే. నేను ఇంగ్లండ్‌లో నాలుగేళ్ళుగా ఉంటున్నాను, శనివారాలు గుర్రప్పందేల మీద పది పౌన్ల చొప్పున ఆడతాను, అంతకు మించి ఎప్పుడూ పోలేదు. ఈమధ్య ఒక స్నేహితుడు టెలిగ్రామ్‌లో ఒక టిప్‌స్టర్ గ్రూప్‌లో చేర్పించాడు. మొదటి నెల ఉచితం, ఇప్పుడు నెలకి 30 పౌన్లు కట్టమంటున్నారు. నెలకి దాదాపు 50 టిప్స్ ఇస్తాడు. పోయిన నాలుగు నెలల షీట్ కూడా పంపాడు, అందులో మొత్తం 200 టిప్స్, 62 గెలిచాయి, సగటు ఆడ్స్ 5/2. షీట్ పైన పెద్ద అక్షరాలతో "స్ట్రైక్ రేట్ 31 శాతం, బ్రేక్ ఈవెన్ 28.57 శాతం" అని రాసి ఉంది. ఆ 28.57 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. 31 దాన్ని దాటింది కాబట్టి కళ్ళు మూసుకుని డబ్బు కట్టేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి, ఈ ఆదివారంలోపు తేల్చుకోవాలి.

గోదారి_గట్టు
బ్రో, అతను నీకు తప్పు లెక్క చూపిస్తున్నాడు. లాభం నష్టం లేకుండా ఉండాలంటే ఎంత శాతం గెలవాలో అదే బ్రేక్ ఈవెన్, ఒకటిని ఆడ్స్‌తో భాగిస్తే వస్తుంది, అంతే సూత్రం. 5/2 అంటే 2.5. ఒకటిని 2.5తో భాగిస్తే 40 శాతం. అంటే 200లో 80 గెలవాలి, ఇతను 62 గెలిచాడు. పచ్చి మోసం, వదిలేయ్.

లెక్కల_పంతులు
గోదారి గారూ, మీ సూత్రం సరైనదే కానీ అందులో పెట్టిన అంకె తప్పు. 5/2 అని రాసినప్పుడు అది లాభం మాత్రమే. రెండు పౌన్లు పెడితే ఐదు లాభం, దానితో పాటు పెట్టిన రెండూ వెనక్కి వస్తాయి. అంటే రెండు పెట్టి ఏడు తీసుకుంటున్నాం, డెసిమల్‌లో అది 3.50. ఒకటిని 3.50తో భాగిస్తే 28.57 శాతం. ఏడు పందేలు ఒకే స్టేక్‌తో ఆడి రెండు గెలిస్తే పెట్టినది సరిగ్గా వెనక్కి వస్తుంది, రెండుని ఏడుతో భాగించి చూడండి అదే అంకె. కాబట్టి 28.57 అనే లెక్కలో టిప్‌స్టర్ తప్పు చేయలేదు.

కానీ న్యూకాజిల్ గారూ, నాకు అనుమానం వేరే చోట ఉంది. ఆ "సగటు ఆడ్స్" దేని సగటు? 200 టిప్స్ సగటా, గెలిచిన 62 టిప్స్ సగటా? షీట్‌లో ఒక్కో టిప్ ఆడ్స్ విడివిడిగా ఉన్నాయా? ఉంటే కొంచెం విడగొట్టి పెట్టండి, అసలు సంగతి అక్కడే తేలుతుంది.

గోదారి_గట్టు
అవును పంతులు గారూ, పొరపాటు పడ్డాను. నేను ఎప్పుడూ డెసిమల్‌లోనే చూస్తాను, ఆ గీత ఉన్నవి అలవాటు లేదు. అయితే ఇంకేం, 31 అనేది 28.57 కన్నా ఎక్కువ కదా. 62ని 3.5తో గుణిస్తే 217. ఒక్కో పందేనికి ఒక పాయింట్ చొప్పున 200 పెట్టి 217 తీసుకున్నట్టు. 17 పాయింట్లు లాభం, అంటే ఎనిమిదిన్నర శాతం. బ్యాంకు వడ్డీ కన్నా బాగుంది, మాట వెనక్కి తీసుకుంటున్నా, కట్టేయ్ బ్రో.

శ్రీకాకుళం_బాబు
31 స్ట్రైక్ రేట్ అంటే టెస్టుల్లో కూడా మరీ నెమ్మది కదా అన్నా, ఎవరి గురించి ఇది? టీ20లో అయితే 130 పైన ఉంటే తప్ప ఫాంటసీ టీంలో పెట్టుకోకూడదు. నేను ఇలాంటి టిప్స్ గ్రూప్ కోసమే చూస్తున్నా, లింక్ ఉంటే పెట్టండి.

లెక్కల_పంతులు
బాబూ, ఇది బ్యాటింగ్ స్ట్రైక్ రేట్ కాదు. వంద టిప్స్ ఇస్తే ఎన్ని గెలిచాయి అన్నది ఇక్కడ లెక్క. లింక్ సంగతి మాత్రం వదిలెయ్యి తమ్ముడూ. న్యూకాజిల్ గారు ఉన్నది బ్రిటన్‌లో, అక్కడ లైసెన్సు ఉన్న బుకీ దగ్గర ఆడటం చట్టబద్ధం. నువ్వు ఆంధ్రాలో ఉంటే అక్కడ 2020లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించారు, తెలంగాణలో 2017లో. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం చేసింది. ఆ గ్రూపుల జోలికి పోకు.

శ్రీకాకుళం_బాబు
సరే అన్నా, అర్థమైంది. లెక్క ఎలా చేస్తారో మాత్రం చదువుతూ ఉంటా.

ఈస్ట్‌హామ్_అన్న
నా సంగతి చెప్తాను. నాది గుర్రాలు కాదు, ఫుట్‌బాల్. హ్యాండీక్యాప్ పందేలు, దాదాపు అన్నీ 1.91 దగ్గరే ఉంటాయి. దానికి బ్రేక్ ఈవెన్ 52.4 శాతం. పోయిన సీజన్‌లో ఒకతని టిప్స్ వంద ఆడాను, 55 గెలిచాయి, ఐదు పాయింట్లు లాభం. ఒక్కో పాయింట్ ఇరవై పౌన్లు, వంద పౌన్లు మిగిలాయి, నాకు సంతోషమే. ఈ సీజన్ మాత్రం అదే మనిషి, అదే పద్ధతి, వందలో 48. పోయిన సంవత్సరం మిగిలినది పోయింది, ఇంకా కొంత చేతి నుంచి పడింది. అతనికి మధ్యలో ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

న్యూకాజిల్_నేను
పంతులు గారూ, షీట్ తీసి కూర్చున్నా. 5/2 అనేది మొత్తం 200 టిప్స్ సగటే. ఇందులో టిప్స్ రెండు రకాలుగా ఉన్నాయి. 150 టిప్స్ 6/4 చుట్టూ ఉన్నాయి, అంటే ఫేవరిట్ గుర్రాలు, సగటు 2.50. మిగతా 50 పెద్ద ఆడ్స్‌వి, 11/2 చుట్టూ, సగటు 6.50. గెలిచిన 62లో 56 ఫేవరిట్లు, 6 మాత్రమే పెద్ద ఆడ్స్‌వి. అన్నిటికీ స్టేక్ ఒక పాయింటే.

లెక్కల_పంతులు
సరిగ్గా ఇదే అనుకున్నాను. ఇప్పుడు నిదానంగా చూద్దాం.

ముందు అతని సగటు సరైనదో కాదో చూశాను. 150ని 2.50తో గుణిస్తే 375, 50ని 6.50తో గుణిస్తే 325, రెండూ కలిపి 700, దాన్ని 200తో భాగిస్తే 3.50. సగటు నిజమే, అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు డబ్బు లెక్కపెట్టండి. 56 ఫేవరిట్లు గెలిచాయి, ఒక్కోదానికి 2.50 చొప్పున చేతికి వచ్చింది 140. 6 పెద్ద ఆడ్స్‌వి గెలిచాయి, 6.50 చొప్పున 39. మొత్తం 179. పెట్టింది 200. అంటే 21 పాయింట్లు నష్టం. గోదారి గారు 17 లాభం అన్నారు, అసలు చేతికి వచ్చింది 21 నష్టం, మధ్యలో 38 పాయింట్లు తేడా, అదీ ఒకే షీట్ నుంచి, ఎవరూ అంకెలు మార్చకుండానే.

ఎందుకిలా అంటే, ఓడిపోయిన గుర్రం ఆడ్స్ ఎంత అన్నది మన జేబుకి సంబంధం లేదు. 11/2కి ఓడినా, 33/1కి ఓడినా పోయేది ఒక పాయింటే. ఆ 50 టిప్స్‌లో ఓడిన 44 గుర్రాలు డబ్బు తేలేదు గానీ సగటుని మాత్రం పైకి లాగాయి. మనకి డబ్బిచ్చేవి గెలిచిన 62 మాత్రమే, వాటి సగటు 179ని 62తో భాగిస్తే 2.89. ఒకటిని 2.89తో భాగిస్తే 34.6 శాతం. ఇతని అసలు బ్రేక్ ఈవెన్ ఇది. 31 దానికి చాలా దిగువన ఉంది.

విడివిడిగా చూసినా ఇదే తేలుతుంది. ఫేవరిట్లలో 40 శాతం గెలవాలి, 37.3 గెలిచాడు. పెద్ద ఆడ్స్‌లో 15.4 శాతం గెలవాలి, 12 గెలిచాడు. రెండు చోట్లా తక్కువే, కానీ కలిపి చూపించేసరికి లాభంలా కనపడింది. మీ షీట్‌లో ఆడ్స్ డెసిమల్‌లో C నిలువు వరుసలో, ఫలితం D వరుసలో W, L అని ఉంటే ఈ మూడూ వేసి చూడండి:

```
=SUMIF(D2:D201,"W",C2:C201)-COUNT(C2:C201)
=AVERAGEIF(D2:D201,"W",C2:C201)
=SUMPRODUCT(1/C2:C201)
```

మొదటిది అసలు లాభనష్టం పాయింట్లలో. రెండోది గెలిచినవాటి సగటు. మూడోది నాకు ఎక్కువ ఇష్టమైనది, ఈ 200 టిప్స్ ఈ ఆడ్స్‌కి సరిపెట్టుకోవాలంటే ఎన్ని గెలవాలో చెబుతుంది. మీకు 68 దగ్గర రావాలి. అతని పద్ధతిలో 57 అని వస్తుంది. పదకొండు గెలుపుల తేడా, చిన్నది కాదు.

గోదారి_గట్టు
ఇది నేను అసలు ఊహించలేదు. కానీ పంతులు గారూ, అలా అయితే సగటు ఆడ్స్ అనేదే పనికిరాని అంకెనా? ఇన్నాళ్ళూ నేను దాంతోనే టిప్‌స్టర్లని పోల్చాను. రెండోది, గెలిచినవాటి సగటు అనేది అన్నీ అయిపోయాక కదా తెలిసేది, ముందే ఎలా తెలుస్తుంది?

లెక్కల_పంతులు
పూర్తిగా పనికిరానిదని అనను. ఈస్ట్‌హామ్ అన్న ఆడేలాంటి వాటిలో అన్నీ 1.85 నుంచి 1.95 మధ్యే ఉంటాయి, అక్కడ ఏ సగటు తీసుకున్నా తేడా ఉండదు. ఆడ్స్ చెల్లాచెదురుగా ఉన్నచోటే అది మోసం చేస్తుంది, పది టిప్స్‌లో ఒక 20/1 కలిస్తే చాలు సగటు పైకి పోతుంది. మీ రెండో ప్రశ్న మంచిది. ముందే తెలియదు, నిజమే. అందుకే మూడో సూత్రం ఇచ్చాను, దానికి ఫలితాలతో పని లేదు, ఆడ్స్ ఉంటే చాలు. ఈ నెల 50 టిప్స్ ఆడ్స్ రాసుకోండి, ఒక్కోదానికి ఒకటిని ఆడ్స్‌తో భాగించి అన్నీ కూడండి, అన్ని గెలుపులు కావాలి. మీరు ఇదివరకు పోల్చిన టిప్‌స్టర్ల షీట్లు ఉంటే మళ్ళీ ఒకసారి వేసి చూడండి.

మలక్‌పేట_పాతకాపు
నేను హైదరాబాద్ రేసులు ముప్పై ఏళ్ళుగా చూస్తున్న మనిషిని. మీరందరూ పన్ను మర్చిపోతున్నారు. మా మలక్‌పేటలో రేస్‌కోర్సు బుకీ దగ్గర వంద పందెం కాయాలంటే మొన్నటిదాకా 28 శాతం జీఎస్టీ పైన కట్టాల్సి వచ్చేది, అంటే చేతి నుంచి 128 పోయేది, గెలిచినప్పుడు వచ్చేది మాత్రం వంద మీద లెక్కే. 3.50 ఆడ్స్‌కి 28.57 సరిపోయేది కాదు, 36.6 శాతం కావాల్సి వచ్చేది. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 40 చేశారు. ఇప్పుడు ఏడు పందేల్లో రెండు కాదు, ఐదింటిలో రెండు గెలవాలి. సమానంగా ఇచ్చే ఫేవరిట్, అదే 2.00 ఆడ్స్‌ది, పదిలో ఏడు సార్లు గెలవాలి. ఏ ఫేవరిట్ గెలుస్తుందండీ అలా? మా రోజుల్లో ట్రాక్ దగ్గర గుర్రం నడక చూసి ఆడి నాలుగు డబ్బులు మిగుల్చుకున్న వాళ్ళని నేను ఎరుగుదును, ఇప్పుడు వాళ్ళెవరూ కనపడటం లేదు. ఈ టిప్‌స్టర్ ఏ పన్నూ లెక్కలో చూపించలేదు.

న్యూకాజిల్_నేను
పాతకాపు గారూ, ఇక్కడ ఆడేవాళ్ళు గెలిచిన దాని మీదా పెట్టిన దాని మీదా పన్ను కట్టక్కర్లేదు, పన్ను బుకీ కడతాడు. కానీ మీరు చెప్పింది చదివాక నెలకి 30 పౌన్ల ఫీజు గుర్తొచ్చింది. అదీ ఇలాంటిదే కదా?

ఈస్ట్‌హామ్_అన్న
అచ్చం అలాంటిదే తమ్ముడూ, నేను దెబ్బ తిన్నది అక్కడే. నువ్వు పందేనికి పది పౌన్లు పెడతావు, నెలకి 50 టిప్స్, అంటే నెలలో తిప్పేది 500. ఫీజు 30 అంటే అందులో ఆరు శాతం. ప్రతి పది పౌన్ల పందేనికీ అరవై పెన్నీలు పైన కడుతున్నట్టు. కాబట్టి ఒకటికి బదులు 1.06ని ఆడ్స్‌తో భాగించాలి. గెలిచినవాటి సగటు 2.89 పెట్టుకుంటే 36.7 శాతం. 200లో 62 కాదు, 74 గెలిస్తే అప్పుడు నీకు సున్నా దగ్గరికి వస్తుంది. స్టేక్ వంద పౌన్లు పెట్టేవాడికి అదే ఫీజు అర శాతం కన్నా కొంచెం ఎక్కువ, అంతే. ఒకే టిప్‌స్టర్ ఒకరికి పనికొచ్చి ఇంకొకరికి పనికిరాకపోవడం ఇలాగే జరుగుతుంది. అలాగని ఫీజు కోసం స్టేక్ పెంచకు, అతనికే లాభం లేనప్పుడు ఎక్కువ పెడితే ఎక్కువ పోతుంది. ఆ నాలుగు నెలలూ నువ్వు ఆడి ఉంటే 210 పౌన్లు పందేల్లో, 120 ఫీజుల్లో, మొత్తం 330 పోయేవి.

బుకీతో కాకుండా ఆడేవాళ్ళే ఒకరితో ఒకరు పందెం కాసే ఎక్స్ఛేంజ్‌లో ఆడేవాళ్ళు కమీషన్ కూడా చూసుకోవాలి. అది లాభం మీద మాత్రమే పడుతుంది కాబట్టి 3.50లో 2.50 మీద 5 శాతం తీసేస్తే 3.375 మిగులుతుంది, బ్రేక్ ఈవెన్ 29.6 అవుతుంది. చిన్నదే, కానీ ఉంటుంది.

గోదారి_గట్టు
ఒక మాట. ఇప్పుడు మనం ఇతన్ని పనికిరాడు అని తేల్చేస్తున్నాం. 200 టిప్స్‌తో అలా తేల్చొచ్చా? చెడ్డ కాలం అయి ఉండొచ్చు కదా. ఈస్ట్‌హామ్ అన్న మనిషి ఒక సంవత్సరం 55, ఇంకో సంవత్సరం 48.

లెక్కల_పంతులు
తేల్చలేం, మీరు అడిగింది సరైనది. ఏ నైపుణ్యమూ లేని మనిషి 3.50 ఆడ్స్‌కి సరిగ్గా 28.57 శాతం చొప్పున గెలిచే పందేలు 200 ఆడాడనుకోండి. సగటున 57 గెలుస్తాడు. కానీ ఒక విడత 51, ఇంకో విడత 63 రావడం మామూలే, ఇరవై విడతల్లో పంతొమ్మిది సార్లు 44కీ 70కీ మధ్య ఎక్కడో ఉంటాడు. 70 వచ్చిన విడతలో 45 పాయింట్లు లాభం కనపడుతుంది, ఆ షీట్ పట్టుకుని గ్రూప్ మొదలుపెడతాడు. మనకి చేరేవి ఎప్పుడూ ఆ షీట్లే, 44 వచ్చినవాడు షీట్ ఎవరికీ పంపడు. నిజంగా 31 శాతం గెలిచే సత్తా ఉన్నవాణ్ణి 28.57 వాడి నుంచి నమ్మకంగా వేరు చేయాలంటే కనీసం 1400 టిప్స్ కావాలి. నెలకి 50 చొప్పున రెండేళ్ళ పైమాటే. ఈస్ట్‌హామ్ అన్న వంద పందేల్లో అటూ ఇటూ ఐదు తేడా రావడం అదృష్టంలో భాగమే, కాబట్టి ఆ మనిషికి మధ్యలో ఏమీ అయి ఉండకపోవచ్చు, మొదటి నుంచీ 52 దగ్గరి మనిషే కావొచ్చు.

ఇంకోటి కూడా ముందే తెలిసి ఉంటే మంచిది. 30 శాతం గెలిచేవాడికి 200 పందేల్లో వరసగా పదకొండో పన్నెండో ఓటములు ఒకసారైనా వచ్చే అవకాశమే ఎక్కువ. అది వచ్చినప్పుడు టెన్షన్‌లో స్టేక్ రెండింతలు చేసేవాళ్ళని చాలామందిని చూశాను.

న్యూకాజిల్_నేను
అయితే రెండేళ్ళు ఆగకుండా తెలుసుకునే దారి లేదా?

లెక్కల_పంతులు
ఒకటి ఉంది, నేను అదే వాడతాను. ప్రతి టిప్‌కీ మీకు దొరికిన ఆడ్స్ రాసుకోండి, పక్కనే రేసు మొదలయ్యే క్షణానికి తేలిన బెట్‌ఫెయిర్ స్టార్టింగ్ ప్రైస్ రాసుకోండి. మీకు 3.30కి దొరికి, చివరికి 3.00 దగ్గర ఆగిందంటే మార్కెట్ అంతా మీ వైపు వచ్చిందన్నమాట. ఇలా వంద టిప్స్‌లో ఎక్కువసార్లు మీ ఆడ్స్ పైన ఉంటే, గెలుపోటములతో పని లేకుండానే అతని దగ్గర ఏదో ఉందని అనుకోవచ్చు. గెలుపు ఓటమి అటో ఇటో పెద్దగా ఊగుతుంది, ఈ తేడా అంతగా ఊగదు, అందుకే తొందరగా తెలుస్తుంది.

ఈస్ట్‌హామ్_అన్న
ఇక్కడ నేను ఒప్పుకోను పంతులు గారూ. న్యూకాజిల్, వోల్వర్‌హాంప్టన్ ట్రాకుల్లో వారం మధ్యలో సాయంత్రం జరిగే చిన్న రేసుల్లో మార్కెట్‌లో డబ్బే తక్కువ ఉంటుంది. గ్రూప్‌లో మూడు వందల మంది ఒకేసారి ఆ గుర్రం మీద పడితే ఆడ్స్ దానంతట అదే తగ్గుతుంది. అది అతని తెలివి కాదు, అతని గుంపు బరువు.

లెక్కల_పంతులు
గుంపు వల్ల తగ్గితే రేసు మొదలయ్యేలోపు మళ్ళీ పెరగాలి కదా, వేరేవాళ్ళు ఎదురు ఆడతారు.

ఈస్ట్‌హామ్_అన్న
పెద్ద మీటింగుల్లో పెరుగుతుంది. బుధవారం రాత్రి ఏడున్నర రేసులో పెరగడం నేను పెద్దగా చూడలేదు.

న్యూకాజిల్_నేను
ఉచితంగా ఉన్న నెలలో నేను ఆడిన 45 టిప్స్ విడిగా రాసి పెట్టుకున్నాను, ఇప్పుడే లెక్క కట్టాను. వాటిలో 13 గెలిచాయి, 28.9 శాతం. అతను గ్రూప్‌లో రాసిన ఆడ్స్ ప్రకారం గెలిచినవాటి సగటు 3.12. మెసేజ్ చూసి యాప్ తెరిచేసరికి నాకు దొరికినవాటి సగటు 2.90. అతని ఆడ్స్‌తో లెక్కేస్తే నాలుగున్నర పాయింట్ల నష్టం, నా ఆడ్స్‌తో ఏడు దాటింది. 2.90కి నాకు 34.5 శాతం కావాలి, ఫీజు కలిపితే 36.6. నేను ఎప్పుడూ మెసేజ్ వచ్చిన రెండు మూడు నిమిషాల్లోనే ఆడాను, ఆఫీసులో ఉంటే తప్ప.

ఫీజు కట్టడం లేదు, అది తేలిపోయింది. స్టార్టింగ్ ప్రైస్ మాత్రం ఆ నెల రాసుకోలేదు. పాత రేసులవి వెతికి పట్టుకుని ఆ 45కి ఎదురుగా వేసి చూస్తాను, శనివారం రేసులు ఒక వరుస, వారం మధ్య రేసులు ఒక వరుస. పంతులు గారు చెప్పింది నిజమో అన్న చెప్పింది నిజమో 45తో తెలియకపోవచ్చు, అయినా పెడతాను.

మలక్‌పేట_పాతకాపు
నాన్‌రన్నర్లు కూడా చూసుకో బాబూ. చివరి నిమిషంలో గుర్రం తప్పుకుంటే మీ దగ్గర రూల్ 4 అని లాభంలో కోత వేస్తారు. అతని షీట్‌లో కోతకి ముందు ఆడ్స్ రాసి ఉంటే ఆ 179 కూడా ఇంకా తగ్గుతుంది.